ఆధార్ మీద మొహం మాత్రమే మార్చమంటున్నారు, స్టూడియో వాడి మీదకి ఏమొస్తుంది?

రాజాం స్టూడియో · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రాజాంలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పక్క గదిలో డీటీపీ, లామినేషన్, పీవీసీ కార్డులు. మనుషుల్ని పనులకి తోలే మేస్త్రి ఒకాయన మాకు పాత ఖాతా, ఆయన చుట్టాల పెళ్ళిళ్ళన్నీ నేనే తీస్తాను.

విషయం ఇది. పైడిభీమవరం వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి ఒక కుర్రాడిని పెట్టాడట. మెడికల్ అయింది, పీఎఫ్ నంబరు వచ్చింది, గేటు పాసు కూడా వచ్చింది. ఆ కుర్రాడేమో చెన్నై వెళ్ళిపోయాడు. ఇప్పుడు వాడి స్థానంలో వాడి మేనబావని పంపాలట. గేటు దగ్గర ఆధార్ కార్డు చూస్తారు కాబట్టి, ఆ కార్డు మీద మేనబావ మొహం పెట్టి పీవీసీ కొట్టి ఇమ్మంటున్నాడు. "పేరు మార్చడం లేదు, నంబరు మార్చడం లేదు, కార్డు గలవాడే ఒప్పుకున్నాడు, నీకేంటి బాధ" అంటాడు. ఐదొందలు ఇస్తానన్నాడు. పీడీఎఫ్, మేనబావ ఫోటో రెండూ వాట్సాప్‌లో పెట్టేశాడు.

నేనింకా ఏమీ చెప్పలేదు. పని మాత్రం నిమిషంది. ఇదివరకు మొహం మార్చాలంటే మెడ రంగు, వెలుతురు కలపడానికి గంట కూర్చునేవాళ్ళం, ఇప్పుడు యాప్‌లో రెండు ఫోటోలు పడేస్తే అదే అతికించి ఇస్తుంది. నా అనుమానం ఒక్కటే. వాడుకునేది వాళ్ళు, నేను కేవలం ప్రింటు కొట్టేవాడిని. తప్పు నా మీదకి ఎంతవరకు వస్తుంది? చట్టం తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళి గట్టు · సోమవారం, రాత్రి 9:30

ఐదొందలకి జైలేటి బావు! కనీసం అయిదు వేలైనా అడక్కపోయావా, బెయిలు కాగితాల కర్చుకైనా వచ్చును.

నిజం సెప్పాలంటే మన ఊళ్ళలో ఇది కొత్తేటి కాదు. ఒకడి పేరు మీద ఇంకొకడు పనికెళ్ళడం నా సిన్నప్పటి నుంచీ సూస్తన్నాను. అప్పట్లో మస్టర్ రోల్‌లో పేరు పిలిస్తే "ఆఁ" అంటే సరిపోయేది.

క్లిక్ అప్పన్న · సోమవారం, రాత్రి 9:47

అన్నా, భయపడకు. నేనూ ఎడిటింగ్ లైన్‌లోనే ఉన్నాను. కార్డు గలవాడు ఒప్పుకుంటే మోసం ఎక్కడిది? అనుమతి లేకుండా ఒకరి మొహం వాడితేనే కేసు. రష్మిక వీడియో కేసు కూడా అలాంటిదే, ఆవిడ అనుమతి లేదు కాబట్టి పట్టుకున్నారు. నీ దగ్గర ఇద్దరి అనుమతీ ఉంది. జాగ్రత్త కోసం కార్డు మూల "నమూనా" అని చిన్న అక్షరాల్లో వేసెయ్, నీ పూచీ తీరిపోతుంది.

కంటోన్మెంట్ వకీలు · సోమవారం, రాత్రి 10:25

అప్పన్నగారు చెప్పినదాంట్లో సగం సరే. అనుమతి లేకుండా ఒకరి మొహం వాడితే కేసవుతుందన్నది నిజం. అనుమతి ఉంటే కేసు లేదన్నది మాత్రం తప్పు.

ఈ వ్యవహారంలో మోసపోతున్నది ఎవరో చూడండి. కార్డు గలవాడు కాదు, మేనబావ కాదు. ఎదురుగా వచ్చినవాడు ఫలానా మనిషి అని నమ్మి లోపలికి పంపే ఫ్యాక్టరీ, వాడి పేరు రాసుకునే కాంట్రాక్టరు, ఆ పేరు మీద డబ్బు జమ చేసుకునే పీఎఫ్ ఆఫీసు, వీళ్ళు. నా పేరు వాడుకో అని కుర్రాడు మేనబావకి చెప్పినంత మాత్రాన, ఫ్యాక్టరీని మోసం చెయ్యడానికి అనుమతి ఇచ్చే హక్కు వాడికి రాదు కదా. భారతీయ న్యాయ సంహిత 319వ సెక్షన్ ఇంకొకరిలా నటించి మోసం చెయ్యడం గురించి. పాత ఐపీసీలో దీనికి మూడేళ్ళు ఉండేది, 2024 జూలై 1 నుంచి ఐదేళ్ళ దాకా పెంచారు. ఎవరి పేరుతో నటించారో ఆ మనిషి నిజంగా ఉన్నాడా, ఊహా మనిషా అన్నది కూడా అక్కర్లేదని సెక్షన్‌లోనే రాసి ఉంది. కాబట్టి ఆ మనిషి ఒప్పుకున్నాడా లేదా అన్న ప్రశ్నే అక్కడికి చేరదు.

ఇక స్టూడియోగారి అసలు ప్రశ్న. ఈ వరసలో మీరు చివర్లో నిలబడి ప్రింటు కొట్టేవారు కాదండీ, మొదట్లో ఉన్నారు. 335వ సెక్షన్ తప్పుడు పత్రం తయారు చెయ్యడం అంటే ఏమిటో చెబుతుంది. కొత్తగా సృష్టించడమే కాదు, అసలు పత్రంలో ముఖ్యమైన భాగాన్ని దురుద్దేశంతో మార్చినా అందులోకే వస్తుంది. గుర్తింపు కార్డులో మొహం కంటే ముఖ్యమైన భాగం ఏముంటుంది? 337వ సెక్షన్‌లో ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు పత్రాలను, ఓటరు కార్డు, ఆధార్ అని పేర్లు పెట్టి మరీ చేర్చారు. పాత 466లో ఈ మాటలు లేవు. శిక్ష ఏడేళ్ళ దాకా, జరిమానా అదనం. ఆ కార్డును గేటు దగ్గర చూపించిన మేనబావకి 340 కింద, తయారు చేసినవాడితో సమానంగా శిక్ష. కార్డు చూపించేది మేనబావే అయినా తయారీ సెక్షన్లో మొదటి పేరు మీది.

"నమూనా" అని రాయడం వల్ల ఒరిగేది లేదు. అది గేటులో చెల్లడానికే అడుగుతున్నాడని మీకు వాట్సాప్‌లో రాసి పెట్టాడు.

రాజాం స్టూడియో · సోమవారం, రాత్రి 10:41

గురువుగారూ, దురుద్దేశం అన్నారు కదా. నాకు ఐదొందలు తప్ప వేరే ఉద్దేశం లేదు. ఎవరినీ మోసం చెయ్యాలని నేను అనుకోవడం లేదు. అది చూడరా?

కంటోన్మెంట్ వకీలు · సోమవారం, రాత్రి 11:03

చూస్తారు. నిజానికి కేసు మొత్తం దాని మీదే నడుస్తుంది. ఒక ముసలాయన తన కార్డే తెచ్చి, ఫోటో నల్లగా పడింది, కొంచెం వెలుతురు పెంచి ప్రింటు తియ్యి బాబూ అంటే అది ఫోర్జరీ కాదు, అక్కడ మోసగించే ఉద్దేశం లేదు. అదే ముసలాయన పాత ఫోటో తీసేసి తన కొత్త ఫోటో పెట్టమంటే? మోసం ఉద్దేశం ఉందని నిరూపించడం కష్టం, కానీ అటువంటి పని నేనైతే చెయ్యొద్దనే చెబుతాను.

మీ విషయంలో ఉద్దేశం ఎలా తెలుస్తుందంటారా? మేస్త్రి మీకు కథంతా చెప్పాడు. ఎవరి కార్డు, ఎవరి మొహం, ఎక్కడ చూపించడానికి అన్నదంతా మీ ఫోన్‌లో ఉంది. ఐదొందలు యూపీఐలో వేస్తే ఆ తేదీ, సమయం కూడా ఉంటాయి. దర్యాప్తులో మొదట తీసుకునేది మీ ఫోను, కంప్యూటరు. ఫైలు తుడిచేసినా తిరిగి తీసే అవకాశం ఉంటుంది, తుడిచేశారన్నదే ఇంకో ప్రశ్నగా మారుతుంది. మీ కార్డు ప్రింటరు రిబ్బన్‌తో నడిచేదైతే ఇంకొక సంగతి. అయిపోయిన రిబ్బన్‌ని వెలుతురుకి ఎత్తి చూడండి, మీరు కొట్టిన ప్రతి కార్డూ, మొహంతో సహా, అచ్చు దిగి కనిపిస్తుంది.

ఆధార్ సెంటర్ బొబ్బిలి · మంగళవారం, ఉదయం 7:20

చట్టం సంగతి వకీలుగారు చెప్పారు. నేను కార్డు సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ పని చెయ్యమనేవాళ్ళకి అసలు కార్డంటే ఏమిటో తెలియదు.

కార్డు మీద కనిపించే మొహం అలంకారం లాంటిది. అసలు మొహం క్యూఆర్‌లో ఉంటుంది. ఇప్పుడు వచ్చే ఈ-ఆధార్ మీద ఉన్న పెద్ద చదరపు కోడ్‌లో పేరు, పుట్టిన తేదీ, చిరునామాతో పాటు చిన్న ఫోటో కూడా ఉంటుంది. ఆ మొత్తానికీ యూఐడీఏఐ డిజిటల్ సంతకం ఉంటుంది. ఆధార్ క్యూఆర్ స్కానర్ యాప్‌తో స్కాన్ చేస్తే ఫోన్ తెర మీద ఫోటో వస్తుంది, దీనికి కార్డు గలవాడి ఓటీపీ కూడా అక్కర్లేదు. మీరు కార్డు మీద మేనబావని పెట్టండి, తెర మీద చెన్నై వెళ్ళిన కుర్రాడే వస్తాడు. కోడ్‌లోని ఫోటోని మార్చబోతే సంతకం చెల్లదు, యాప్ అది సరైనది కాదని చెప్పేస్తుంది. యాప్ ఎంత అందంగా మొహం అతికించినా ఆ సంతకం దాని చేతిలో లేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ వాడు స్కాన్ చెయ్యడనే ధైర్యంతో చేస్తారు. నిజమే, చాలా చోట్ల కార్డు ఇలా తిప్పి చూసి పంపేస్తారు. కానీ కాంట్రాక్టరు ఆఫీసులో ఏదో ఒక రోజు ఎవడో ఒకడు స్కాన్ చేస్తాడు. పాన్ కార్డు కోడ్‌లో కూడా 2018 నుంచి ఫోటో వస్తోంది.

ఇంకోటి. మా సెంటర్లో ఆధార్ ఫోటో మార్చాలంటే మేము ఎవరూ తెచ్చిన ఫోటో తీసుకోము. మనిషి కుర్చీలో కూర్చోవాలి, వేలిముద్రో కనుపాపో సరిపోవాలి, కెమెరాతో అక్కడే తియ్యాలి. ఫీజు రూ.125, 2025 అక్టోబరు నుంచి. కాబట్టి "ఫోటో పాతదైపోయింది, స్టూడియోలో మార్పించుకున్నా" అన్న మాట ఎవరూ నమ్మరు. బయట దుకాణాల్లో కొట్టించే పీవీసీ కార్డులు వాడొద్దని యూఐడీఏఐ 2022లోనే చెప్పింది, వాటిలో భద్రతా గుర్తులు ఉండవని.

నాగావళి గట్టు · మంగళవారం, ఉదయం 7:58

అయితే మన బడ్డీల్లో ముప్పై రూపాయలకి కొట్టించిన కార్డులన్నీ ఉత్తుత్తి ప్లాస్టిక్కేనా? మా ఇంట్లో నాలుగున్నాయి.

ఆధార్ సెంటర్ బొబ్బిలి · మంగళవారం, ఉదయం 8:05

ఉత్తుత్తివి కాదు, క్యూఆర్ స్కాన్ అయితే పని జరుగుతుంది. హోలోగ్రామ్ లాంటివి ఉండవంతే.

లెక్కల టీచరమ్మ · మంగళవారం, మధ్యాహ్నం 1:15

మొహం మార్చడం అని చూసి వచ్చాను. నాది కూడా ఇలాంటి సమస్యే, ఎవరైనా దారి చూపిస్తారని. పార్వతీపురం దగ్గర ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఎవరో నా మొహాన్ని వేరే అమ్మాయి డాన్సు రీల్‌కి తగిలించి ఇన్‌స్టాగ్రామ్‌లో నా పేరుతోనే ఖాతా తెరిచారు. స్కూలు వార్షికోత్సవం ఫోటో నుంచి తీశారని తెలుస్తోంది, ఆ చెవి కమ్మలు నావే. పదో తరగతి పిల్లలు నాకు చూపించారు. అసభ్యంగా ఏమీ లేదు, కానీ మెసేజులు పెట్టి తల్లిదండ్రుల దగ్గర ట్యూషన్ ఫీజు అడ్వాన్సు అడుగుతున్నారట. నేను ఖాతాని రిపోర్ట్ కొట్టేశాను. ఇంకా ఉంది. ఏం చెయ్యాలి?

క్లిక్ అప్పన్న · మంగళవారం, మధ్యాహ్నం 1:32

టీచరుగారూ, ఫ్రెండ్స్ అందరి చేతా రిపోర్ట్ కొట్టించండి. యాభై మంది కొడితే ఆటోమేటిక్‌గా లేచిపోతుంది.

కంటోన్మెంట్ వకీలు · మంగళవారం, సాయంత్రం 6:10

టీచరుగారూ, ఆ ఖాతా లేచిపోయే ముందే దాని వివరాలు దాచుకోండి. ఖాతా లింకు, యూజర్‌నేమ్ అక్షరం పొల్లు పోకుండా, రీల్ లింకు, తల్లిదండ్రులకి వచ్చిన మెసేజుల స్క్రీన్‌షాట్లు, డబ్బు వెయ్యమన్న యూపీఐ ఐడీ లేదా ఫోన్ నంబరు. యూజర్‌నేమ్ వాడు మార్చుకోగలడు, అందుకే లింకు, తేదీ, సమయం కలిపి రాసి పెట్టుకోవాలి. యాభై మంది చేత కొట్టిస్తే ఖాతా పోవచ్చు, దాంతో పాటు మీ ఆధారం కూడా పోతుంది. వాడు మళ్ళీ సాయంత్రానికి ఇంకోటి తెరుస్తాడు.

రిపోర్ట్ బటన్ వేరు, ఫిర్యాదు వేరు. ఆ సంస్థకి భారతదేశానికి సంబంధించి ఫిర్యాదుల అధికారి ఒకరు ఉండాలి, ఆ ఫారం వాళ్ళ సైట్‌లోనే ఉంటుంది. బాధితులైన మీరే, లేదా మీ తరఫున ఒకరు, నా మొహాన్ని మార్ఫ్ చేసి నాలా నటిస్తున్నారని అందులో రాయాలి. 2021 ఐటీ నియమాల్లో సరిగ్గా ఈ రకం ఫిర్యాదుకి 24 గంటల గడువు పెట్టారు, 2026 ఫిబ్రవరి సవరణతో దాన్ని 2 గంటలకి కుదించారు. మామూలు రిపోర్ట్ బటన్ నొక్కితే మీరు ఆ గడువులో ఉన్నారని వాళ్ళకి తెలిసే దారి తక్కువ. వాళ్ళు పట్టించుకోకపోతే 30 రోజుల్లోపు gac.gov.in లో అప్పీలు వెయ్యొచ్చు.

తల్లిదండ్రుల్లో ఎవరైనా డబ్బు వేసేసి ఉంటే వాళ్ళు ముందు 1930కి ఫోన్ చెయ్యాలి. మీ ఫిర్యాదు cybercrime.gov.in లో. ఐటీ చట్టం 66డి, అంటే కంప్యూటరు ద్వారా ఇంకొకరిలా నటించి మోసం చెయ్యడం, మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఒక మాట గుర్తుంచుకోండి, ఐటీ చట్టం కేసుల్ని ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గకుండా దర్యాప్తు చెయ్యాలి. స్టేషన్‌లో కుదరదంటే సీఐగారిని కలుస్తామని చెప్పండి.

క్లిక్ అప్పన్న · మంగళవారం, సాయంత్రం 6:40

సరే, ఖాతా సంగతి ఒప్పుకుంటాను. కానీ సరదా రీల్స్‌కి కూడా కేసులా? నేను హీరోల మొహాలతో చాలా చేశాను. కింద "ఫ్యాన్ ఎడిట్" అని రాస్తాను.

కంటోన్మెంట్ వకీలు · మంగళవారం, రాత్రి 9:20

అప్పన్నగారూ, నిన్న మీరే రష్మిక కేసు ఎత్తారు కాబట్టి దాన్నే చూద్దాం. 2023 నవంబరులో ఆ వీడియో బయటికొచ్చింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది మన రాష్ట్రం కుర్రాడినే, గుంటూరు వైపు. డబ్బు కాజెయ్యడానికి కాదు, ఆవిడ ఫ్యాన్ పేజీ నడుపుతూ ఫాలోవర్లు పెంచుకోడానికి చేశాడని పోలీసులు చెప్పారు. గొడవయ్యాక వీడియో తీసేశాడు, పేజీ పేరు మార్చేశాడు. అయినా దొరికాడు. ఆ వీడియోలో మొహం ఒకరిది, ఒళ్ళు ఇంకొక అమ్మాయిది. ఆ రెండో అమ్మాయిని ఎవరూ అడగలేదన్నది చాలామంది మర్చిపోతారు. మన టీచరుగారి రీల్‌లో కూడా అంతే, డాన్సు చేసిన అమ్మాయి ఎవరో ఎవరికీ తెలియదు.

సరదాకి, మోసానికి మధ్య గీత ఎక్కడుందంటే, చూసేవాడు నిజమనుకోవాలని చేశారా లేదా అన్న దగ్గర. మన హీరోల విషయంలో ఇంకో గీత కూడా పడింది. 2025 సెప్టెంబరులో నాగార్జునగారు ఢిల్లీ హైకోర్టులో, చిరంజీవిగారు హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో తమ పేరు, రూపం వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. మీ ఎడిట్‌కి సబ్బు ప్రకటన ఒకటి తగిలిస్తే ఫ్యాన్ అన్న మాట అక్కరకి రాదు.

కవిటి కొబ్బరి · బుధవారం, ఉదయం 6:50

స్టూడియో అన్నా, నీ ప్రశ్నకి నేను చట్టం చెప్పలేను, మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా చిన్నాన్న తన మొహం అతికించిన వేరొకడి కార్డు మీద గుజరాత్‌లో ఒక కంపెనీలో పనిచేశాడు. ఊళ్ళో వాడిదే కార్డు, ఇద్దరూ స్నేహితులు. రెండేళ్ళు పైనే నెలనెలా పీఎఫ్ కోశారు. ఇంటికి వచ్చేసి ఆ డబ్బు తీద్దామంటే, ఖాతా ఎవరి పేరు మీద ఉంది? స్నేహితుడి పేరు మీద. ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది? స్నేహితుడి ఫోన్‌కే. అతను ఆపాటికే తీసేసుకున్నాడు. అడిగితే "నా పేరు మీద నువ్వు పనిచేశావని ఎక్కడ రాసుంది" అన్నాడు. పెద్దల్లో పెట్టాము. పెద్దలు నవ్వారు. పోలీసు స్టేషన్‌కి వెళ్దామంటే చిన్నాన్నే మొదటి ముద్దాయి అవుతాడని ఎవరో అన్నారు, ఆగిపోయాము.

డబ్బు పోతే పోయింది. అక్కడ ఏదైనా యంత్రంలో చెయ్యి పడి ఉంటే పరిహారం ఎవరికి వచ్చేది? కాగితాల్లో మా చిన్నాన్న అక్కడ లేనే లేడు. ఆ మేనబావకి ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

రాజాం స్టూడియో · బుధవారం, ఉదయం 8:15

లేదు అన్నా. నేను ఇప్పటివరకు మేస్త్రితోనే మాట్లాడాను. మేనబావకి ఏమి చెప్పి తీసుకెళ్తున్నాడో నాకూ తెలియదు. ఫ్యాక్టరీ అంటే మందుల రసాయనాలు, రియాక్టర్లు. ఆ కోణం తట్టలేదు.

ఆధార్ సెంటర్ బొబ్బిలి · బుధవారం, ఉదయం 8:40

కవిటి తమ్ముడు చెప్పింది ఇప్పుడు ఇంకా గట్టిగా తగులుతుంది. 2025 ఆగస్టు నుంచి కొత్త పీఎఫ్ నంబరు తీసుకోవాలంటే ఉమంగ్ యాప్‌లో మొహం చూపించాలి. ఆ మొహాన్ని పోల్చేది జేబులో కార్డుతో కాదు, యూఐడీఏఐ దగ్గర ఉన్న ఫోటోతో. కార్డు మీద ఎవరిని అతికించినా అక్కడ పనికిరాదు. మేస్త్రి పాత కుర్రాడి నంబరే ఎందుకు కావాలంటున్నాడో ఇప్పుడు అర్థమైందా? మేనబావని కొత్తగా చేరిస్తే అతని సొంత పేరు మీద నంబరు తియ్యాలి. దానికి పట్టేది కాసేపే. మేనబావ కార్డులోనే ఏదో తిరకాసు ఉండుంటుంది, వయసు తక్కువో, మెడికల్‌లో తేలేదో. ఇది నా ఊహ మాత్రమే.

నాగావళి గట్టు · బుధవారం, ఉదయం 9:02

ఓలమ్మో, పద్దెనిమిది నిండని గుంటడేమో! అదైతే మేస్త్రి కథ ఇంకో పుస్తకం.

క్లిక్ అప్పన్న · బుధవారం, ఉదయం 11:30

కార్డు సరే, దొరుకుతుంది. వీడియో కాల్‌లో అయితే? బ్యాంకు వీడియో కేవైసీలో లైవ్‌గా మొహం మార్చేసి కూర్చునేవాళ్ళు ఉన్నారంటున్నారు. నాకు తెలిసిన చిట్కా, ఎదుటివాడిని చెయ్యి మొహం ముందు ఊపమంటే చాలు, మాస్కు చెదిరిపోయి దొరికిపోతాడు.

ఆధార్ సెంటర్ బొబ్బిలి · బుధవారం, మధ్యాహ్నం 12:10

మొదట్లో పనిచేసిన చిట్కాయే. చెయ్యి అడ్డొస్తే ముక్కు దగ్గర అంచు వణికేది, పక్కకి తిరిగితే చెవి మాయమయ్యేది. కొత్తవాటిలో అన్నిసార్లూ చెదరదు. చెదిరితే మోసమని అనుకోవచ్చు, చెదరకపోతే నిజమని మాత్రం అనుకోకూడదు. అందుకే బ్యాంకు ఒక్క మొహాన్నే నమ్మదు. ఎక్కడి నుంచి కాల్ చేస్తున్నారో చూస్తుంది, ముందే సిద్ధం చేసుకోలేని ప్రశ్నలు వరస మార్చి అడుగుతుంది, ఆధార్ వివరాలు సంతకమున్న ఫైలు నుంచే తీసుకుంటుంది.

మన ఇళ్ళలో అంత తంతు ఉండదు కదా. 2023 జూలైలో కేరళ కోళికోడ్‌లో రిటైరైన ఒకాయనకి పాత సహోద్యోగి మొహంతో వాట్సాప్ వీడియో కాల్ వచ్చింది. ఆసుపత్రి ఖర్చు అని చెప్పి 40 వేలు వేయించుకున్నారు. కాల్ కొన్ని క్షణాలే. మళ్ళీ డబ్బు అడిగేసరికి అనుమానం వచ్చి అసలు మనిషికి తన దగ్గరున్న నంబరుకి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ముందే చేసి ఉంటే సరిపోయేది, చెయ్యి ఊపమనక్కర్లేదు.

కవిటి కొబ్బరి · బుధవారం, సాయంత్రం 5:45

ఒక సందేహం. అదే మొహంతో వేరే వేరే పేర్లతో సిమ్‌లు తీసేవాళ్ళని ఎలా పట్టుకుంటున్నారు? కార్డులన్నీ వేరు కదా.

ఆధార్ సెంటర్ బొబ్బిలి · బుధవారం, సాయంత్రం 6:20

మొహాన్ని బట్టే. టెలికాం శాఖ దగ్గర అస్త్ర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. సిమ్ తీసుకున్నవాళ్ళ ఫోటోలన్నీ ఒకదానితో ఒకటి పోల్చి, ఒకే మొహం వేర్వేరు పేర్లతో ఎక్కడుందో కుప్పలు కడుతుంది. 2023లో విజయవాడలో ఒకే ఫోటో మీద 650కి పైగా సిమ్‌లు బయటపడ్డాయి. మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో సంచార్ సాథీలో చూసుకోవచ్చు, మీది కానిది ఉంటే అక్కడే చెప్పొచ్చు. మీ చిన్నాన్నగారిని కూడా ఒకసారి చూసుకోమనండి, కార్డులు చేతులు మారిన ఇంట్లో ఇది తప్పకుండా చూడాలి.

కంటోన్మెంట్ వకీలు · బుధవారం, రాత్రి 9:50

ఇక్కడ ఒక చిక్కు ఉంది, మిగతా వకీళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఐటీ చట్టం 66సి అంటే ఇంకొకరి పాస్‌వర్డు, ఎలక్ట్రానిక్ సంతకం, లేదా "మరే ఇతర విశిష్ట గుర్తింపు లక్షణం" మోసపూరితంగా వాడటం. మొహం ఆ లక్షణం అవుతుందా? రష్మిక కేసులో పోలీసులు 66సి పెట్టారు. నా వరకు, తాళం తీసే మొహం, అంటే ఫోన్‌కీ బ్యాంకుకీ చూపించేది, తప్పకుండా అవుతుంది. రీల్‌లో అతికించిన మొహం అవుతుందా అన్నది డిఫెన్సు వాళ్ళు వాదించదగ్గ విషయమే.

ప్లీడరు బావ · గురువారం, ఉదయం 7:35

నేను ఒప్పుకోను. విశిష్టం అంటే మనిషిని గుర్తుపట్టేది అని అర్థం. మొహం కంటే గుర్తుపట్టేది ఏముంది? రీలయినా తాళమయినా ఒకటే. డిఫెన్సు వాడు 66సి ఎగరగొట్టినా 66డి నిలబడుతుంది కాబట్టి టీచరుగారి కేసుకి తేడా లేదనుకోండి.

కంటోన్మెంట్ వకీలు · గురువారం, ఉదయం 8:10

డబ్బు అడిగాడు కాబట్టి నిలబడుతుంది. ఊరికే రీల్ పెట్టి ఊరుకుని ఉంటే? మోసం లేకుండా 66డి ఎలా పెడతారు? అప్పుడు పరువు నష్టం, లేదా పరువు తియ్యడానికి చేసిన ఫోర్జరీ, 336 లోని నాలుగో భాగం, అక్కడికి పోవాలి. అందుకే 66సి మీద ఇంత పట్టుపడుతున్నాను.

రాజాం స్టూడియో · గురువారం, రాత్రి 8:30

మేస్త్రికి చెయ్యనని చెప్పేశాను. కోప్పడ్డాడు. "నువ్వు చెయ్యకపోతే యాప్‌లో నేనే చేసుకుంటాను, ప్రింటు ఎక్కడైనా దొరుకుతుంది" అన్నాడు. మేనబావని ఒకసారి నా దగ్గరకి తీసుకురమ్మన్నాను, రాలేదు. ఇప్పుడు నా అనుమానం వేరే. ఆ పీడీఎఫ్ నా ఫోన్‌లో ఉంది. తీసెయ్యాలా, ఉంచాలా?

క్లిక్ అప్పన్న · గురువారం, రాత్రి 8:44

అన్నా, యాప్‌లో చేసుకుంటాడా? చేసుకోనీ చూద్దాం. నేను డబ్బు కట్టి వాడే యాప్‌లో గుర్తింపు కార్డు ఫోటో ఎక్కిస్తే ఒప్పుకోదు. మా స్నేహితుడు ఓటరు కార్డు మీద సరదాకి ప్రయత్నించాడు, ఖాతా మూసేశారు. ఏడాదికి కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. షరతుల్లో ముందే రాసి ఉందన్నారు.

కంటోన్మెంట్ వకీలు · గురువారం, రాత్రి 9:15

అప్పన్నగారు ఈసారి పూర్తిగా కరెక్ట్. యాప్‌లు తమ సరదాకి అలా చెయ్యడం లేదు. ఫిబ్రవరి సవరణల్లో తప్పుడు పత్రాలు తయారుకాకుండా సాంకేతికంగా అడ్డుకోవాలని, తయారుచేసిన బొమ్మకి గుర్తు వెయ్యాలని, ఆ గుర్తును ఎవరూ తీసెయ్యకూడదని సాధనాలు నడిపేవాళ్ళ మీద బాధ్యత పెట్టారు. ఎక్కడో విదేశంలో నడిచే యాప్ పట్టించుకోకపోవచ్చు. కానీ మేస్త్రి ఆ యాప్‌కి ఇంకొకడి ఆధార్ మొత్తం చేతిలో పెట్టినట్టే.

స్టూడియోగారూ, మేస్త్రితో జరిగిన చాట్ ఉంచండి, ముఖ్యంగా మీరు కాదన్న మెసేజు. నోటితో చెప్పి ఉంటే ఇప్పుడైనా రాసి పెట్టండి, "ఈ పని నేను చెయ్యను" అని, తేదీ దానంతటదే పడుతుంది. పీడీఎఫ్‌ని మాత్రం కంప్యూటర్లోకి దించకండి, తెరవకండి, ఎవరికీ పంపకండి.

లెక్కల టీచరమ్మ · శుక్రవారం, సాయంత్రం 5:20

ఫిర్యాదుల అధికారి ఫారం నింపాను. ఖాతా ఆ రాత్రికే పోయింది, రీల్ కూడా. పోర్టల్‌లో నంబరు ఇచ్చారు. ఒక తల్లి రెండు వేలు వేశారు, ఆవిడ చేత 1930కి చేయించాను. స్టేషన్‌లో మాత్రం, డబ్బు పోయింది ఆవిడకి కాబట్టి ఆవిడే రావాలి, మీది కేసు కాదు అంటున్నారు. ఆవిడేమో రెండు వేల కోసం స్టేషన్‌కి రానంటున్నారు. ఇప్పుడు నేను ఏ సెక్షన్ చెప్పాలి?

ప్లీడరు బావ · శుక్రవారం, సాయంత్రం 6:05

సెక్షన్ మీరు చెప్పనక్కర్లేదమ్మా, అది వాళ్ళు వెతుక్కుంటారు. వాడుకున్నది మీ పేరు, మీ మొహం. ఆవిడ డబ్బు పోయిన సాక్షి, మీరు మొహం పోయిన ఫిర్యాదుదారు. అలాగే రెండు పేరాల్లో రాసి, లింకులు, స్క్రీన్‌షాట్లు జతచేసి, సీఐగారికి ఇచ్చి రసీదు తీసుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీగారికి పంపండి. ఆవిడ రాకపోయినా పరవాలేదు, డబ్బు వేసినట్టు ఫోన్‌లో ఉన్న కాగితం ఒకటి ఇస్తే చాలు.

లెక్కల టీచరమ్మ · శుక్రవారం, సాయంత్రం 6:12

సోమవారం సెలవు పెట్టి వెళ్తాను. కమ్మలు కనిపించే ఆ వార్షికోత్సవం ఫోటో కూడా తీసుకెళ్ళాలా?

ప్లీడరు బావ · శుక్రవారం, సాయంత్రం 6:15

తప్పకుండా. ఫోటోగ్రాఫరు దగ్గర అసలు ఫైలు ఉంటే అదే అడిగి తెచ్చుకోండి, వాట్సాప్‌లో వచ్చినది కాదు.